మార్కు పక్కన నిమిషం

చిలకలూరిపేట వైపు పిల్లల్ని ఒక డాక్యుమెంటరీ తీసుకురమ్మంటే చాలామంది ప్రభ మీదే తీస్తారు. పురుషోత్తమపట్నం, కావూరు లాంటి ఊళ్ల నుంచి శివరాత్రికి కోటప్పకొండకు కదిలే విద్యుత్ ప్రభలను చూస్తూ పెరిగిన పిల్లలు మరి. వాళ్లకు మార్కులు వేసే మేమూ ఆ ప్రభల వెంట నడిచినవాళ్లమే. చిక్కు అక్కడే వస్తుంది. తెర మీద ప్రభ లేవగానే మనసు నిండిపోతుంది, చెయ్యి పదికి తొమ్మిది వేసేస్తుంది. ఆ తొమ్మిది ప్రభకు వేశామా, సినిమాకు వేశామా?

విద్యార్థుల పోటీల్లో మార్కులు వేసేటప్పుడు నన్ను నిలబెట్టే ప్రశ్న ఇదే. కథ, కెమెరా, శబ్దం, ఎడిటింగ్ అని నాలుగు గడులుంటాయి, ఒక్కోదానికి పది మార్కులు. సినిమా మొదటిసారి చూసేటప్పుడు పెన్ను ముట్టుకోను. రెండోసారి కళ్లు మూసుకుని వింటాను. మూడోసారి శబ్దం పూర్తిగా తీసేసి చూస్తాను. ఆ తర్వాతే రాస్తాను, రాసిన ప్రతి మార్కు పక్కనా ఆ మార్కుకు కారణమైన నిమిషం, సెకను వేస్తాను. నిమిషం చూపించలేని మార్కు నా అభిమానానిదే తప్ప సినిమాది కాదు.

ఈమధ్య చూసిన ఎనిమిది నిమిషాల సినిమానే తీసుకుందాం. ప్రభ కట్టే ఒక పెద్ద మేస్త్రీ గురించి తీశారు. మొదటి రెండు నిమిషాలూ త్రికోటేశ్వరస్వామి గురించి, తిరునాళ్ల గురించి వాయిస్ ఓవర్ నడుస్తుంది. మనకు తెలిసిన సంగతులే. 2 నిమిషాల 10 సెకన్ల దగ్గర అసలు కథ మొదలవుతుంది. లేపిన ప్రభ ఒక పక్కకు ఒరిగింది. మేస్త్రీ మాట్లాడకుండా వచ్చి, కుర్రాళ్లు కట్టిన ముడి విప్పి మళ్లీ కట్టడం మొదలుపెడతాడు. తెల్లారేలోగా నిలబడుతుందా అన్న ప్రశ్న చూసేవాళ్లలో అప్పుడు పుడుతుంది. డాక్యుమెంటరీలో కథంటే నాకు అదే: ఒక మనిషికి ఒకటి కావాలి, దానికి ఏదో అడ్డం పడాలి, అది తెర మీదే తేలాలి. ఆ ముడి దొరకబుచ్చుకున్నందుకు ఏడు వేశాను. మూడు తగ్గింది ఆ మొదటి రెండు నిమిషాలకు.

కెమెరాకు మార్కులు వేసేటప్పుడు ఫోను ఖరీదు లెక్కలోకి రాకూడదు. చీకట్లో బొమ్మ గరుకుగా వచ్చిందంటే అది పరికరం పరిమితి, దానికి కోత పెట్టను. కానీ 5 నిమిషాల 15 సెకన్ల దగ్గర వెలిగే ప్రభ మీద నల్లటి అడ్డపట్టీలు పాకాయి. మన కరెంటు సెకనుకు వందసార్లు దిశ మార్చుకుంటుంది కాబట్టి దాని మీద వెలిగే చాలా దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. షట్టర్ వేగం దానికి సరిపడకపోతే ఆ మినుకు పట్టీలై కనిపిస్తుంది. సెకనులో యాభయ్యో వంతు పెడితే చాలావరకు పోతాయి. కొన్ని ఎల్ఈడీలకు వేరే మినుకు ఉంటుంది, వాటికి షట్టర్ అటూ ఇటూ మార్చి చూసుకోవాలి. ఇది డబ్బుతో పని లేని నిర్ణయం, అందుకే కోత పెట్టాను. ఇంకో చోట ప్రభ ఫ్రేమ్‌లోకి రాగానే ఫోను తనంతట తానే వెలుగు తగ్గించుకుని మేస్త్రీ ముఖాన్ని నల్లగా చేసేసింది. ఎక్స్‌పోజర్ లాక్ చేసి ఉంటే ముఖం దక్కేది. ముడి వేస్తున్న చేతులను మాత్రం దగ్గరగా, కదలకుండా, చాలినంత సేపు చూపించారు. మొత్తం మీద ఆరు.

శబ్దం దగ్గర తోటి న్యాయనిర్ణేతకూ నాకూ లెక్క కుదరలేదు. “వినపడకపోయినా విషయం అర్థమైంది కదా మాస్టారూ” అన్నారామె. “ప్రభ ఎలా కడతారో మనకు ముందే తెలుసు కాబట్టి అర్థమైంది మేడం. హైదరాబాదులో చూసేవాళ్లకు?” అన్నాను. ఇద్దరం 3 నిమిషాల 20 సెకన్ల దగ్గర నుంచి మళ్లీ విన్నాం. మేస్త్రీ మాట వినపడకపోవడానికి రెండు కారణాలుండొచ్చు. రికార్డింగే చెడి ఉండొచ్చు, లేదా బాగా రికార్డయిన మాట మీద పాట ఎక్కువై ఉండొచ్చు. తేల్చడం సులువు. పాట ఆగిన జాగాలో చెవి పెట్టాలి. అక్కడ మాట స్పష్టంగా ఉంటే తప్పు పాటది. అక్కడా జనరేటర్ మోతే పైచేయిగా ఉంటే మైకు దూరంగా ఉన్నట్టు. మాకు జనరేటరే వినిపించింది. ఆ మోతను దాచడానికే పాట పెట్టారు, దాంతో మిగిలిన కాస్త మాటా పోయింది. మేస్త్రీ చొక్కా జేబులో రెండో ఫోను రికార్డింగులో పెట్టి, మొదట్లో ఒక చప్పట కొట్టి ఉంటే చాలు, ఆ చప్పట ఆధారంగా బొమ్మనూ మాటనూ కలిపేయొచ్చు. అయితే 6 నిమిషాల 40 సెకన్ల దగ్గర పాట మొత్తం ఆపేసి మోకు బిగుస్తున్న కిర్రుమనే చప్పుడొక్కటే వినిపించారు. కళ్లు మూసుకున్నప్పుడు నాకు ప్రభ కనిపించింది అక్కడే. నాలుగుకు ఒప్పుకున్నాం.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మాట వినపడలేదని శబ్దంలో తగ్గించి, అందువల్ల కథ అర్థం కాలేదని కథలో తగ్గించి, ఆ ముక్క ఎందుకు ఉంచారని ఎడిటింగ్‌లోనూ తగ్గిస్తే ఒక్క తప్పుకు పిల్లలకు మూడుసార్లు శిక్ష పడుతుంది. తప్పు ఎక్కడ పుట్టిందో ఆ గడిలోనే కోత పడాలి.

ఎడిటింగ్‌లో 6 నిమిషాల 5 సెకన్ల దగ్గర ఒక ఇబ్బంది. ప్రభ ఎడమ నుంచి కుడికి కొండ వైపు కదులుతోంది. తర్వాతి షాట్‌లో కుడి నుంచి ఎడమకు వెళ్తోంది. కెమెరా పట్టుకున్న పిల్ల రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లింది, అంతే. చూసేవాళ్లకు మాత్రం ప్రభ ఇంటికి తిరిగొస్తున్నట్టుంటుంది. మధ్యలో ఎదురుగా తీసిన షాట్ ఒకటి పెడితే సరిపోయేది. దీనికి ఎంత కోత పెట్టాలి? హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ మంచి కట్‌కు ఆరు కొలతలు చెప్తూ భావోద్వేగానికి 51 శాతం, కథకు 23 శాతం బరువిచ్చాడు. తెర మీది దిక్కులూ స్థలాల పొందికా అన్నింటికన్నా చివర వస్తాయి. ఆ లెక్క నాకు నచ్చుతుంది. ఇక్కడ కట్ తర్వాత మేస్త్రీ ముఖంలోని ఆదుర్దా తెగలేదు, కాబట్టి కొద్ది కోతతో సరిపెట్టాను. ఇంకో చోట ముడి మీద చెయ్యి ఉండగానే ట్రాక్టరు స్టార్టయిన శబ్దం ముందే వినిపించి, బొమ్మ తర్వాత వస్తుంది. రాత్రి గడిచి బయలుదేరే వేళయిందని ఒక్క మాట లేకుండా తెలుస్తుంది. మొత్తం మీద ఏడు.

మొత్తం నలభైకి ఇరవై నాలుగు. ప్రభ ముచ్చటతో వేసే ముప్పై ఆరు కన్నా తక్కువే. అయితే ముప్పై ఆరు చేతికొచ్చిన పిల్లలకు మర్నాడు చేయాల్సిన పనేమీ కనపడదు. ఈ ఇరవై నాలుగు పక్కన నిమిషాలున్నాయి కాబట్టి నేను దిద్దాల్సినవాటిని రెండు భాగాలు చేసి ఇచ్చాను. వాయిస్ ఓవర్ కోసేయడం, ఎదురు షాట్ తీసి ఉంటే ఇరికించడం, మేస్త్రీని ఆయన ఇంట్లో కూర్చోబెట్టి అవే మాటలు మళ్లీ రికార్డు చేసి బొమ్మల కింద వేయడం ఈ వారంలోనే చేయొచ్చు. పట్టీలు పడిన ప్రభ, నల్లబడ్డ ముఖం మాత్రం వచ్చే శివరాత్రి దాకా ఆగాల్సినవి. మార్కుల కాగితం ఈ రెండింటినీ విడదీసి చెప్పగలిగితే, పోటీలో బహుమతి రానివాళ్లు కూడా దాన్ని దాచుకుంటారు.