ఒక పద్యం, రెండు గొంతులు

తెలుగులో జంటకవులు కొత్తేమీ కాదు. 15వ శతాబ్దిలోనే నంది మల్లయ, ఘంట సింగన అనే మేనమామ మేనల్లుళ్లు కలిసి ప్రబోధచంద్రోదయాన్ని తెలుగు చేశారు. అయితే ఇంట్లో కూర్చుని ఇద్దరు కలిసి కావ్యం రాయడం వేరు, సభలో పక్కపక్కన కూర్చుని ఒకే పద్యాన్ని అప్పటికప్పుడు చెప్పడం వేరు. రాసే కవులు రాత్రికి రాత్రి దిద్దుకోవచ్చు, ఒకరి పాదాన్ని మరొకరు కొట్టివేయవచ్చు. ఆశువుగా చెప్పేవారికి ఆ వీలుండదు. నోటినుంచి వచ్చిన పాదం వచ్చినట్టే, రెండోవారు దాని వెంట నడవాల్సిందే.

ఈ విద్యను జనంలోకి తెచ్చినవారు తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతి శాస్త్రి 1872లో, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి 1870లో పుట్టారు. ఇద్దరూ చర్ల బ్రహ్మయ్య శాస్త్రి శిష్యులు. ఇద్దరిలో ఏది ఎవరు చెప్పినా జంట పేరే ఉండాలన్నది వారి నియమం. 1920లో తిరుపతి శాస్త్రి పోయాక కూడా, 1950లో తాను పోయేవరకూ, వేంకట శాస్త్రి తన రచనలకు జంట పేరే పెట్టుకున్నారు. వారికి దీటుగా నిలిచి పోటీపడినవారు గుంటూరు సీమకు చెందిన కొప్పరపు సోదర కవులు, వేంకట సుబ్బరాయ కవి, వేంకట రమణ కవి. వారి ఆశుధార వేగం గురించి ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ వేగాన్ని మెచ్చుకునేవారు చాలామందే ఉన్నారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం అతుకు. ఒక గొంతు ఆగి ఇంకో గొంతు అందుకున్న చోట పద్యం ఎలా తెగకుండా ఉంటుంది? దీనికి జవాబు చాలావరకు మన ఛందస్సులోనే ఉంది.

కంద పద్యాన్ని తీసుకుందాం. ఒకటి, మూడు పాదాలు పొట్టివి, మూడేసి గణాలు. రెండు, నాలుగు పాదాలు పొడుగువి, అయిదేసి గణాలు. గణానికి నాలుగు మాత్రలు. యతి పొడుగు పాదాల్లోనే ఉంటుంది, ప్రాస నాలుగింటిలోనూ ఉండాలి. ఇద్దరూ పాదం పాదం పంచుకుంటే మొదటివారికి పొట్టి పాదాలు, రెండోవారికి పొడుగు పాదాలు వస్తాయి. అంటే రెండోవారికి మాత్రలూ ఎక్కువే, యతి బరువూ ఎక్కువే, ఆరో గణం జగణమో నలమో కావాలన్న కట్టుబాటు కూడా వారి వాటాలోకే వస్తుంది. అయితే ప్రాసాక్షరాన్ని ఎంచుకునే అధికారం మొదటివారిది. పంపకం చూడటానికి వంకరగా ఉన్నా, పనికి సరిపోతుంది. ఒకరు దారి వేస్తారు, ఒకరు బరువు మోస్తారు, తర్వాతి పద్యంలో చోట్లు మార్చుకుంటారు.

తొలకరి మీద పద్యం అడిగారనుకుందాం. ఈ వ్యాసం కోసం అల్లిన కందం ఇది. ఒకటి, మూడు పాదాలు మొదటి కవివి, రెండు, నాలుగు రెండో కవివి.

వానలు వచ్చెను మెల్లఁగఁ
జేనులఁ గాపులు నడువఁగఁ జినుకుల తోడన్
మ్రానుల దుమ్మునుఁ గడిగెను
ధేనువు లన్నియు మురిసెను దెఱపిన మేయన్

మొదటి కవి ‘వానలు’ అనగానే రెండు విషయాలు తేలిపోయాయి. రెండో అక్షరం ‘న’ కాబట్టి ప్రాస ‘న’. మొదటి అక్షరం ‘వా’ గురువు కాబట్టి మిగతా మూడు పాదాలూ గురువుతోనే మొదలవాలి. రెండో కవి చెవి ఈ ఒక్క మాట దగ్గరే పట్టేయాలి. మొదటి కవి ‘వచ్చెను మెల్లఁగ’ అని పాదాన్ని పూర్తిచేసేలోగా పక్కవారి మనసులో చేను, మ్రాను, ధేనువు, కోన, తేనె, మేను వరుసగా వచ్చి నిలబడతాయి. వాటిలో వానకు సరిపోయే ‘చేను’ను ఏరుకుంటారు. చేను అనగానే యతికి కూడా దారి దొరికింది. నాలుగో గణం చ, జ, శ, స వంటి అక్షరంతో, ఇ, ఈ, ఎ, ఏ స్వరాల్లో ఒకదానితో మొదలవాలి. ‘చినుకు’ ఎలాగూ తొలకరి మాటే. ఈ ఆలోచనంతా మొదటి పాదం సాగినంత సేపట్లోనే జరగాలి. పక్కవారు చెబుతున్నప్పుడు వినడం, తన పాదం కట్టుకోవడం ఒకేసారి సాగితేనే గొంతు మారిన చోట ఖాళీ ఏర్పడదు.

ఇప్పుడు అతుకు దగ్గర ఏం జరిగిందో చూడండి. ‘మెల్లఁగ’ చివర ద్రుతం ఉంది. అందువల్ల తర్వాతి ‘చేనుల’ అన్న మాట ‘జేనుల’ అయింది. ఒకరి నోట్లో ముగిసిన మాట మరొకరి నోట్లో మొదలైన అక్షరాన్ని మార్చేసింది. సంధి చేయకుండా రెండో కవి ‘చేనుల’ అనే అంటే అర్థం చెడదు, కానీ చెవిగల శ్రోతకు అక్కడ గోడ వినిపిస్తుంది. సంధి పలికితే ఆ గోడ కరిగిపోతుంది. జంటగా చెప్పేవారు తమ పాదాలను విడివిడిగా సాధన చేస్తే ఇది ఎన్నటికీ పట్టుబడదు. పాదాల సరిహద్దును కలిపి పలికే సాధన వేరే చేయాలి.

రెండో పాదం ‘తోడన్’ అని పొల్లుతో ఆగుతుంది. కందంలో రెండో పాదం దగ్గర సహజంగానే ఒక ఊపిరి ఉంటుంది, అక్కడ అతుకు కనిపించినా తప్పు కాదు. అసలు బలహీనత మూడో పాదంలో ఉంది. ‘గడిగెను’ అని సమాపక క్రియతో మొదటి కవి వాక్యాన్ని ముగించేశారు. వాన దుమ్ము కడిగింది, అంతే, ఆ మాట అయిపోయింది. అందుకోవడానికి రెండో కవికి కొస మిగల్లేదు. నాలుగో పాదంలో ధేనువులు ఎక్కడినుంచో వచ్చినట్టున్నాయి. ఆ ఒక్క మాటను మార్చి చూద్దాం.

మ్రానుల దుమ్మునుఁ గడుగఁగ
ధేనువు లన్నియు మురిసెను దెఱపిన మేయన్

గణం మారలేదు, నాలుగు లఘువులే. క్రియ మాత్రం అసమాపకమైంది. ‘కడుగఁగ’ అన్నాక ఏం జరిగిందో వినాలని శ్రోతకు ఉంటుంది, చెప్పాలని పక్కనున్న కవికీ ఉంటుంది. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది, కాబట్టి అందించేవారు క్రియను దాచి పక్కవారికి వదిలేయాలి. చేసి, చేయగా, చేసిన, చేయుచు: ఇలాంటి రూపాల దగ్గర ఆగడమే మంచి అందింపు. జంట ఆశువును ఎవరైనా పరీక్షించాలనుకుంటే పాదాంతంలో సమాపక క్రియలు ఎన్ని పడ్డాయో గమనిస్తే చాలు. నాలుగు పాదాలకు నాలుగు పడితే అది ఒక పద్యం కాదు, పక్కపక్కన పెట్టిన నాలుగు వాక్యాలు.

ప్రాస ఎంపికలో ఉండే మర్యాద కూడా చెప్పుకోదగ్గదే. మొదటి కవి ‘భీష్ముఁడు’ అని మొదలుపెట్టారనుకోండి. ప్రాస ‘ష్మ’. గ్రీష్మం, శ్లేష్మం, ఊష్మం... ఆ తర్వాత వెతుకులాటే. తన పాండిత్యం చూపాలన్న ఉబలాటంతో ఒకరు వేసిన ఆ అక్షరానికి వెల ఇద్దరూ చెల్లిస్తారు, పద్యం ప్రాస కోసం వంగిపోతుంది. ప్రత్యర్థికి సమస్య ఇచ్చేటప్పుడు కఠిన ప్రాస వేయడం యుక్తి. జంటలోని మనిషికి అదే వేయడం ద్రోహం. నా దృష్టిలో ఈ విద్యలో సగం సంస్కారం మొదటి రెండక్షరాల ఎంపికలోనే ఉంది.

కందం దాటి వృత్తాల్లోకి వెళితే అందింపు పాదం మధ్యకు జరుగుతుంది. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, యతి పదో అక్షరం మీద. ఒకరు తొమ్మిది అక్షరాలు చెప్పి ఆగితే, రెండోవారు యతి అక్షరంతో అందుకుంటారు. నాలుగో గణం సరిగ్గా పదో అక్షరం దగ్గరే మొదలవుతుంది కాబట్టి అది మంచి రేవు. మొదటి కవి ‘రాముఁడు’ అనగానే రెండోవారికి తన తొలి అక్షరం తెలిసిపోతుంది. రకార లకారాల్లో ఒకటి, అ, ఆ, ఐ, ఔ స్వరాల్లో ఒకటి, పైగా గురువు. ‘లక్ష్మణుఁడు’ వెంటనే సిద్ధం. చంపకమాలలో ఇంత సుఖం లేదు. యతి పదకొండో అక్షరం మీద, అది నాలుగో గణం నడుమ పడుతుంది. గణాన్నే చెరిసగం పంచుకోవాలి. మొదటివారు ఒక లఘువు ఎక్కువ పలికినా, తక్కువ పలికినా నడక కూలిపోతుంది. కొత్తగా జంట కట్టినవారు చంపకమాలను పాదం పాదంగానే పంచుకోవడం మేలు. సీసం మాత్రం జంటకోసమే పుట్టిందా అనిపిస్తుంది. ప్రతి పెద్ద పాదం రెండు భాగాలు, ప్రతి భాగానికీ దాని యతి దానికే ఉంటుంది, ప్రాస నియమం లేదు. ఒకరు ప్రశ్నలా ఎత్తితే మరొకరు జవాబులా దించవచ్చు.

ఛందస్సు ఎంత కుదిరినా గొంతు కుదరకపోతే శ్రమంతా వృథా. మన పద్యాన్ని రాగంలో చదువుతాం. మొదటివారు మోహనలో ఎత్తుకుంటే రెండోవారు కల్యాణిలోకి పోకూడదు, శ్రుతి పెంచకూడదు, కాలం మార్చకూడదు. మొదటి పాదం చివరి స్వరం ఎక్కడ నిలిచిందో అక్కడినుంచే అందుకోవాలి. గొంతులు సహజంగా ఎత్తు తగ్గుల్లో ఉన్నవారు ఇద్దరికీ నడుమన ఉండే శ్రుతిని ముందే పెట్టుకోవాలి. బలమైన గొంతున్నవారు కాస్త తగ్గాలి. రెండోవారికి ఇంకా పాదం అందలేదని తెలిస్తే, మొదటివారు తన పాదాన్నే మరోసారి నింపాదిగా చదవవచ్చు. సభలో పాదాన్ని తిరిగి చదవడం మామూలే కాబట్టి శ్రోతకు అది ఆలస్యంలా అనిపించదు, పక్కవారికి కొన్ని క్షణాలు దొరుకుతాయి. దీనికి కనుసైగ చాలు. చేయి తట్టడం, పేరు పిలవడం, ‘ఇక మీరు’ అనడం ఇవన్నీ పద్యాన్ని పగలగొట్టేవే.

అవధానంలో ఇలా పంచుకోవడానికి లొంగని అంశం నిషిద్ధాక్షరి. కవి ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు చెబుతాడు. కవి మనసులో ఉన్న మాటను పసిగట్టి దాన్నే అడ్డుకోవడం పృచ్ఛకుడి ఆట, చివరి క్షణంలో మాటను మళ్లించడం కవి జవాబు. మాట సగంలో ఉండగా ఆ మళ్లింపు ఎటో రెండో మనిషికి తెలిసే మార్గం లేదు. అక్కడ ఒకరే చెప్పాలి, రెండోవారు అప్పటిదాకా వచ్చిన అక్షరాలను ధారణలో పట్టుకుని ఉండాలి. దత్తపదిలో అలా కాదు. ఇచ్చిన నాలుగు మాటలను చెరి రెండుగా ముందే పంచుకోవచ్చు, అయితే చివరి పాదంలో పడాల్సిన మాట ఎవరిదో మొదటి పాదం ఎత్తుకోకముందే తేల్చుకోవాలి. లేకపోతే ఇద్దరూ ఒకే మాటను వాడతారు, నాలుగోది ఎవరి వాటాలోనూ లేకుండా మిగిలిపోతుంది.