“తఆమ్” అను పదమునకు తెలుగు

ఖురానును తెనిగించినవారు చిలుకూరి నారాయణరావుగారు మొదలుకొని పలువురు గలరు. ఏ యనువాదమును చేతబట్టినను ఐదవ సూరాలోని ఐదవ వాక్యముకడ చదువరి యొక్కింత నిలువవలసియుండును. గ్రంథము పొందిన జనుల, అనగా యూదుల యొక్కయు క్రైస్తవుల యొక్కయు “తఆమ్” ముస్లిములకు ధర్మ్యమని యచట చెప్పబడినది. నిఘంటువునుబట్టి యా మాటకు తినునది యని యర్థము. తెలుగున దానిని “భోజనము” అందుమా, “ధాన్యాది” అందుమా, “కోసిన మాంసము” అందుమా? ఈ మూటిలో నేది వ్రాసినను అనువాదకుడు తెలిసియో తెలియకయో యొక ధర్మశాస్త్ర శాఖ పక్షము వహించినవాడగును.

“భోజనము” అనిన వెంటనే తెలుగు గృహస్థుని మనస్సునకు వంట చేసిన చేయి తోచును. ఎవరు వండిరి, ఎవరు వడ్డించిరి, ఏ పంక్తిని కూర్చుంటిమి యనునవి మన సంశయములు. అరబ్బీ వాక్యమున నీ సంశయము లేదు. 628లో ఖైబరులో నొక యూద వనిత కాల్చి తెచ్చిన గొఱ్ఱె మాంసమును ప్రవక్త నోటబెట్టెననియు, అందు విషము గలదనియు వారి హదీసులు చెప్పుచున్నవి. విషము సంగతి యటుండనిండు. పరమతస్థురాలు వండెనను కారణమున నా మాంసము త్యజింపబడలేదు. పాత్రలో పంది మాంసమో మద్యమో యుండినచో కడిగి వాడుకొనుమని మాత్రమే యాదేశము. కావున మన యంటరానితనపు వాసన గల మాటను ఈ వాక్యమున బెట్టుట మూలమునకు చేసిన యపచారమని నా యభిప్రాయము.

ప్రవక్త పినతండ్రి కుమారుడగు ఇబ్ను అబ్బాసు మొదలగు వారు “తఆమ్” అనగా నిచట కోసిన జంతువే యనిరి. వారి తర్కము బలమైనది. బియ్యము, గోధుమ, పండు ఎవరివైనను ధర్మ్యములే. విగ్రహారాధకుని పొలములో పండిన జొన్నలకును నిషేధము లేదు. వాక్యము ధాన్యమును గూర్చినదే యైనచో గ్రంథజనులను ప్రత్యేకించి చెప్పుట నిష్ప్రయోజనమగును. దీనికి భిన్నముగా షియాలలో పన్నిద్దఱిమాముల శాఖవారు, ఇమాము జాఫర్ సాదిక్ చెప్పినట్లు తమ పరంపరలో వచ్చిన మాటనుబట్టి, ఇది ధాన్యాదులకే యన్వయించుననిరి. వారి ఫకీహులలో నధికసంఖ్యాకులకు క్రైస్తవుని కోత సమ్మతము కాదు.

ఇక కోత యననేమి? జంతువు ప్రాణముతో నుండవలెను, పదునైన కత్తితో కంఠము కోయవలెను, నెత్తురు కాఱిపోవలెను, కోయునపుడు దైవనామము పలుకవలెను. ఊపిరిగొట్టము, ఆహారనాళము, మెడకిరువైపుల నున్న రెండు పెద్ద నెత్తురునాళములు – ఈ నాలుగింటిలో మూడు తెగిన చాలునని అబూ హనీఫా మతము. షాఫీయీలకు మొదటి రెండును తెగుట ముఖ్యము. దైవనామమును బుద్ధిపూర్వకముగా మానినచో మాంసము నిషిద్ధమనియు, మఱచినచో దోషము లేదనియు హనఫీలందురు. పలుకుట మంచిదే కాని పలుకకున్నను చెడదని షాఫీయీలందురు. ఊపిరాడక చచ్చినది, దెబ్బ తిని చచ్చినది, పడి చచ్చినది ఎవరికిని పనికిరాదు. కొన యూపిరితోనున్న దానిని కోసినపుడు కదలికయు నెత్తురు చిమ్ముటయు చూచి ప్రాణముండెనని నిర్ణయింతురు.

ఈ భేదములు గ్రంథములకే పరిమితమైనవని తలచువారు కరీంనగరము, ఆదిలాబాదు సీమల నొక యూరిని మనసున నుంచుకొని చూడవలెను. వెస్లియను మిషనువారి నాటినుండి క్రైస్తవులైన కుటుంబములచట గలవు. తాత హిందువు, తండ్రి క్రైస్తవుడు, తాను బడిపంతులు. క్రిస్మసు పండుగకు మేకను తన చేతితో కోసి మువ్వురు ముస్లిము మిత్రులను పిలిచెననుకొందము. ఒకడు హనఫీ, ఆ ప్రాంతపు ముస్లిములలో ననేకులట్టివారే. రెండవవాడు, హైదరాబాదు బార్కసు నుండి వచ్చిన, హద్రమౌతు అరబ్బుల సంతతివాడగు షాఫీయీ. మూడవవాడు షియా.

హనఫీ మిత్రునకు పంతులు తాత యెవరన్నది ప్రశ్న కాదు. నేడు క్రైస్తవుడగుటయే చాలును. కోయునపుడు దేవుని పేరు పలికెనా, యేసు పేరు పలికెనా, బుద్ధిపూర్వకముగా నూరకుండెనా యనునదే యతడు విచారింపవలసినది. షాఫీయీకి వేఱొక చిక్కు గలదు. నవవీ మొదలగువారి మతమున ఇస్రాయేలు సంతతి కాని క్రైస్తవుని కోత చెల్లవలెనన్న, వాని పూర్వులు ఇస్లాము రాకకు పూర్వమే యా మతమున చేరియుండవలెను. నిన్న మొన్న చేరిన తెలుగు క్రైస్తవుని కోత యీ లెక్కకు నిలువదు; దైవనామము పలికినను పలుకకున్నను ఫలమొక్కటే. చిత్రమేమనగా, నామము విషయమున మిక్కిలి సడలింపు చూపిన శాఖయే వంశము విషయమున నింత బిగించినది. మతము మార్చుకొన్నవానిని తాత పుట్టుకతో కొలుచుట మన దేశములో నెఱుగని సంగతి కాదు గాని, షాఫీయీల పక్షమును సరిగా చెప్పవలెనన్న, వారిది కులద్వేషము కాదు. ఏ గ్రంథజనులకు మినహాయింపు నీయబడెనను ప్రశ్నకు వారిచ్చిన సమాధానము. షియా మిత్రుడు మాంసము మాని యన్నము తినును. పూర్వ ఫకీహులలో పలువురు తడి తగిలిన యన్నమునకును సంశయించిరి. ఆధునికులలో పలువురు గ్రంథజనులు శుద్ధులే యనిరి.

1903లో ఈజిప్టు ముఫ్తీ ముహమ్మదు అబ్దుహు నొద్దకు దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాలు నుండి యిట్టి ప్రశ్నయే వచ్చెను. అచటి క్రైస్తవులు ఎద్దును గొడ్డలితో కొట్టి, పిదప నామము పలుకకయే కోయుదురు, తినవచ్చునా? తినవచ్చునని యాయన తీర్పు. క్రైస్తవులును వారి మతాచార్యులును తినునదే మనకు “తఆమ్” అని మాలికీ పండితుడగు ఇబ్ను అరబీ చెప్పిన మాట యాయన కాధారము. పెద్ద దుమారము లేచెను. రషీదు రిజా తన అల్ మనార్ పత్రికలో గురువును సమర్థించెను. నాకు అబ్దుహు వాదము పూర్తిగా రుచింపదు. గొడ్డలి దెబ్బకే యెద్దు చచ్చెనా, బ్రదికియుండగా కోయబడెనా యనునది తేల్చినగాని తీర్పు నిలువదు. దెబ్బ తిని చచ్చినది నిషిద్ధమని యంతకు రెండు వాక్యముల ముందే చెప్పబడినది గదా.

పుస్తకములలో నింత వాదము జరుగుచుండగా మన యూళ్లవారు వేఱొక యుపాయము నెన్నడో కనుగొనిరి. మాంసమమ్ము ఆరెకటికలు హిందువులు. ముస్లిములు కొనదగిన మాంసమునకై ముల్లాను పిలిచి మేకను “హలాలు” చేయించు వాడుక తెలంగాణమున పెక్కుచోట్ల గలదు. దర్గాలకు మ్రొక్కుకొని కందూరు చేయు హిందూ గృహస్థులును ముల్లా చేతనే కోయింతురు. శాస్త్రమునకిది సరిపోవును: కంఠముపై కత్తి నడపిన చేయియే విచారణీయము, తోలు తీసినది, ముక్కలు కొట్టినది, తూచి యిచ్చినది ఎవరైనను దోషము లేదు. ముల్లా కోసినది తాము చూడలేదను వారికిని హిదాయా గ్రంథమున సమాధానమున్నది. 1197లో మరణించిన మర్ఘీనానీ రచించిన యా గ్రంథమును చార్లెసు హామిల్టను 1791లో ఆంగ్లమునకు మార్చెను. అగ్నిపూజకుడగు సేవకుడు మాంసము కొని తెచ్చి, ముస్లిమునొద్దనో యూదునొద్దనో క్రైస్తవునొద్దనో కొంటినని చెప్పినచో నతని మాట నమ్మి తినవచ్చునని యందున్నది. కోయుటకు పనికిరానివాని మాట సాక్ష్యమునకు పనికివచ్చినది!

కావున నే ననువాదకుడనైనచో “తఆమ్” అనుచోట “ఆహారము” అనియే వ్రాసి, అడుగున నొక టిప్పణి చేర్చుదును: సున్నీలలో నధికులు దీనికి కోసిన జంతువనియు, షియాలు ధాన్యాది యనియు అర్థము చెప్పుదురని. పంతులు మాత్రము మరుసటి క్రిస్మసునకు తెల్లవాఱగనే ముల్లా యింటికి మనిషిని పంపవలసియుండును. అప్పుడు మేకను గూర్చి మువ్వురిలో నెవరికిని పేచీ యుండదు.