నాలుగు పేజీలు పేజీన్నర అయిన తీరు

గోదావరిఖనిలో గనుల సర్వేలో పనిచేసే ఒకాయన పాత బయోడేటా, కొత్త బయోడేటా పక్కపక్కన పెట్టుకుని చదివాను. పాతది నాలుగు పేజీలు, కొత్తది పేజీన్నర. సింగరేణి బయట ఒక ప్రైవేటు ఓపెన్‌కాస్టులో ఉద్యోగం కోసం తానే కుదించుకున్నాడు. ఏం తీసేశాడన్నదాని కన్నా, తీయకుండా ఎక్కడ ఆగాడన్నదే నన్ను ఆకట్టుకుంది.

ఎస్టీడీ బూత్‌లో చేసిన పని, టైపింగ్ లోయర్, ఫాక్స్‌ప్రో, విండోస్ 98 అన్నీ పోయాయి. సర్వేయర్ కావడానికి ముందు స్టాఫ్ పట్టుకుని తిరిగిన కాంట్రాక్టు ఏళ్లు మాత్రం ఒక్క వరుసగా మిగిలాయి. అవీ తీసేస్తే మధ్యలో ఖాళీ కనబడి, అప్పుడేం చేశావని అడుగుతారు. డీజీఎంఎస్ ఇచ్చిన సర్వేయర్ సర్టిఫికెట్ తేదీ వయసును బయటపెడుతుంది. అయినా ఉంచాడు, గనిలో సర్వేయర్ నియామకానికి ఆ కాగితమే ఆధారం కదా.

అసలు పనితనం సర్వే వరుసల్లో ఉంది. వెర్నియర్ థియోడొలైట్, ఉక్కు టేపు అన్న మాటలు కొట్టేశాడు. కానీ వాటితో నేర్చిన పనిని కొట్టేయలేదు. ఇంక్లైన్ నోటి నుంచి ట్రావర్స్‌ను లోపలికి తీసుకెళ్లి, మరో దారిన పైకి తెచ్చి, మొదలుపెట్టిన పాయింటు దగ్గర ఎంత తేడా వచ్చిందో చూసుకోవడం ఈనాటికీ తప్పదు. భూమి లోపలికి జీపీఎస్ అందదు. కాబట్టి ‘టోటల్ స్టేషన్‌తో భూగర్భ ట్రావర్స్, క్లోజింగ్ ఎర్రర్ పరిశీలన’ అని రాశాడు. టోటల్ స్టేషన్‌తోనూ ఆ పని చేశాడు కాబట్టే రాయగలిగాడు. చేయనివాడు రాస్తే, ఎంత తేడా వచ్చింది, ఎలా సర్దావు అన్న ప్రశ్న దగ్గరే దొరికిపోతాడు.

ట్రేసింగ్ గుడ్డ మీద ఇంకుతో ప్లాన్లు గీసిన వరుసను ఒకసారి కొట్టేసి, మార్చి మళ్లీ చేర్చాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పాత భూగర్భ గనుల మీదే ఓపెన్‌కాస్టులు తవ్వుతున్న చోట, కింద గ్యాలరీలు ఎక్కడున్నాయో, ఎక్కడ నీళ్లు నిలిచాయో చెప్పేవి ఆ గుడ్డలే. 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. నీళ్లు నిలిచిన పాత వర్కింగులకు 60 మీటర్ల లోపు పని చేయాలంటే ముందే అనుమతి కావాలి. ఆ దూరాన్ని లెక్కగట్టేది ప్లాన్ మీదనే. అందుకే గీయడం తీసేసి, ‘పాత ట్రేసింగులను డిజిటల్ ప్లాన్ మీద కూర్చి, నీటి వర్కింగుల హద్దులు గుర్తించడం’ అని పెట్టాడు.

ఒక్కచోట మాత్రం నేనైతే ఇంకా కోసేవాణ్ని. చివర్లో ‘ఆటోక్యాడ్ 2004’ అని ఉంది. ఆ 2004 తీసేయాలి. ఇప్పుడు వాడుతున్న వెర్షన్‌లో గీసిన ఒక ప్లాన్‌ను ఇంటర్వ్యూకి వెంట తీసుకెళితే చాలు.