కలిపినా కదలని ముక్క

శ్రావణమాసం వచ్చిందంటే సూరత్‌లో పేక కట్టలు బయటికొస్తాయి. సాతమ్, ఆఠమ్ పండగ రోజుల్లో పేకాటకు కూర్చోవడం గుజరాతీల్లో ఆనవాయితీ. లింబాయత్, ఉధనా వైపు మరమగ్గాల మీద బతికే మన పద్మశాలీలకూ రమ్మీ కొత్త కాదు. ముక్కలు కలపడమంటే ఎలా ఉంటుందో ఇక్కడ అందరికీ తెలుసు. ఎడమచేతిలో కట్ట పట్టుకుని, కుడిచేత్తో అడుగు నుంచి కొన్ని ముక్కలు లాగి, వాటిని కొంచెం కొంచెంగా పైన రాలుస్తూ పోతారు. మ్యాజిక్ వాళ్లు ఓవర్‌హ్యాండ్ షఫుల్ అనేది దీన్నే. తాము రోజూ చేసే పనిలో ఏ కొంచెం తేడా వచ్చినా చూసేవాళ్లు ఇట్టే పసిగడతారు. అందుకే ఇలాంటి ఊళ్లో దొంగ కలపడం నేర్చుకోవాలంటే వేళ్ల నేర్పు ఒక్కటే సరిపోదంటాను.

ముందు పద్ధతి చెబుతాను. చూసేవాళ్లు ఎంచుకున్న ఆటీను ఏడు కట్టలో అన్నిటికన్నా పైన ఉందనుకుందాం. కుడిచేత్తో అడుగు సగం, అంటే సుమారు 26 ముక్కలు లాగాలి. ఎడమచేతిలో మిగిలిన సగానికి ఇప్పుడు ఏడే పైముక్క. కుడిచేతి ముక్కల్లోంచి ఎడమ బొటనవేలు మొదటి ముక్కను ఏడు మీదికి లాగేటప్పుడు కుడిచెయ్యి మన ఒంటివైపు పిసరంత జరగాలి. దాంతో ఆ ముక్క వెనక అంచు అర సెంటీమీటరు కన్నా తక్కువగా బయటికి నిలుస్తుంది. దీనికే ఇన్‌జాగ్ అని పేరు. మిగతా ముక్కలన్నిటినీ దాని మీద మామూలుగా కలిపేయాలి.

ఇక ఏడు కట్ట మధ్యలో పడిపోయినట్టే కనిపిస్తుంది. కానీ బయటికి నిలిచిన ముక్క దాని ఆనవాలు చెబుతూనే ఉంటుంది. కుడి బొటనవేలితో ఆ అంచును కింది నుంచి కొంచెం పైకి నెట్టి, దాని కింద ఉన్న ముక్కలన్నిటినీ లాగి, ఒక్క విసురుతో పైన వేయాలి. ఏడు మళ్లీ పైకొచ్చేస్తుంది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చే సంగతి ఏమిటంటే, కుడిచేతి ముక్కలు నిజంగానే కలుస్తాయి. చూసేవాళ్ల కంటికి కనిపించేదాంట్లో సగం నిజమే.

ఇది చెడిపోయేది ఎక్కువగా మొదటి ముక్క దగ్గరే. వానాకాలపు తేమకు కాగితపు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఒకటి లాగితే రెండొస్తాయి. ఆ రెంటిలో పైదొక్కటే వెనక్కి నిలిచి, కిందిది ఏడు మీద సర్దుకుపోతే, విసిరిన తర్వాత ఏడు పై నుంచి రెండోది అవుతుంది. సాధనలో దీన్ని పట్టుకోవడానికి ఒక దారి ఉంది. ఎంచుకున్న ముక్కను బొమ్మవైపు పైకి తిప్పి పెట్టి కలపండి. చివర్లో అది పైన కనిపించకపోతే తప్పు ఎక్కడ జరిగిందో చెప్పొచ్చు. దానిమీద ఒక్క ముక్కే ఉంటే రెండు కలిసి వచ్చాయని అర్థం. అది కట్ట మధ్యలో చిక్కుకుంటే బొటనవేలు అంచును వదిలేసి వేరే చోట కోసిందని అర్థం.

రెండో తప్పు చెవికి వినిపిస్తుంది. ఒక్క ముక్కను జాగ్రత్తగా లాగేటప్పుడు చెయ్యి నెమ్మదిస్తుంది, తర్వాతి ముక్కలు వేగంగా రాలతాయి. రాలే చప్పుడులో ఆ తేడా తెలిసిపోతుంది. చాలామంది దీనికి విరుగుడుగా దొంగ కలపడాన్ని వేగం చేయాలని చూస్తారు. నా అనుభవంలో చేయాల్సింది దానికి విరుద్ధమైనది. మామూలుగా ముక్కలు కలిపేటప్పుడే నెమ్మదిగా, అంచులు కొంచెం చెదిరేలా, అప్పుడప్పుడు ఒక్కో ముక్కనే రాలుస్తూ కలపడం అలవాటు చేసుకోవాలి. నిజం కలపడమే దొంగ కలపడంలా ఉంటే, అసలు సమయం వచ్చినప్పుడు చేతిలో మార్పేదీ ఉండదు. అంచులు చెదిరి ఉన్న కట్టలో బయటికి నిలిచిన ఒక్క ముక్క ఎదురుగా ఉన్న ఎవరి కంటా పడదు. 1902లో షికాగోలో ఎస్. డబ్ల్యూ. ఎర్డ్‌నేస్ అనే మారుపేరుతో అచ్చయిన ‘ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్’ కూడా ఈ ఒకే తీరు మీదే పట్టుబడుతుంది.

ఈ విద్యకు హద్దులున్నాయి. వెనక కూర్చున్నవాళ్లకు ఆ అంచు కనిపిస్తుంది, కాబట్టి జనం ముందువైపే ఉండాలి. చూసేవాళ్లు కట్టను తమ చేతుల్లోకి తీసుకుని కలిపితే పైముక్క మీద మన పట్టు పోతుంది.

చివరగా ఒక మాట. ఇదే పనిని డబ్బు పెట్టి ఆడే చోట చేస్తే అది మ్యాజిక్ కాదు, మోసం. ఈ శ్రావణంలో సాధన మొదలుపెట్టేవాళ్లకు నాదొక్కటే విన్నపం: పందెం ఉన్న ఆటలో మీరు ముక్కలు పంచకండి, మీ కట్టను అక్కడికి తీసుకెళ్లకండి.