డీలర్ కోపం ఎక్కడ మొదలవుతుంది?

కంపెనీ సొంత ఆన్‌లైన్ స్టోర్ తెరిచిందంటే డీలర్లకు ఇక గిట్టదని చాలామంది అనుకుంటారు. గృహోపకరణాల అమ్మకాల్లో పనిచేసినవాడిగా నేను చూసింది వేరు. స్టోర్ ఉన్నందుకు డీలర్ పెద్దగా బాధపడడు. తన గోడౌన్‌లో ఉన్న సరుకును, తనకు చెప్పకుండా, తన కొనుగోలు ధర కంటే తక్కువకు కంపెనీయే అమ్మితే మాత్రం భగ్గుమంటాడు.

ఒక మిక్సీ లెక్క వేసి చూద్దాం. ఎంఆర్‌పీ 5,000 రూపాయలు. డీలర్‌కు బిల్లు 3,800. మూడు నెలలకోసారి వచ్చే స్కీమ్ క్రెడిట్ నోట్ 150 తీసేస్తే అతనికి నెట్ ల్యాండింగ్ 3,650. కౌంటర్లో 4,150కి అమ్మితే మిగిలేది 500. అద్దె, జీతాలు, డెమో, అరువు అన్నీ అందులోంచే. ఆన్‌లైన్ స్టోర్లో అదే మిక్సీ ధర 4,199. కాగితం మీద గొడవేమీ లేదు. పండగకు పది శాతం కూపన్ పెడితే 3,779 అవుతుంది. దాని మీద బ్యాంకు కార్డు తగ్గింపు 250 కలిస్తే కస్టమర్ కట్టేది 3,529. అంటే డీలర్ ల్యాండింగ్ కంటే 121 తక్కువ. అప్పుడు డీలర్ అడిగేది ఒకటే: “సార్, మీ దగ్గర బిల్లు వేయించుకునే కంటే మీ వెబ్‌సైట్లో కొని అమ్ముకుంటే నాకు లాభం కదా?” కొందరు అడగరు, కొనేస్తారు.

ఫిర్యాదు రాకముందే దీన్ని పసిగట్టవచ్చు. ఆన్‌లైన్‌లో పంపిన సీరియల్ నంబర్లు వారంటీ నమోదులో షాపు బిల్లుతో కనిపిస్తాయి. ఒకే అడ్రసుకు మూడు నాలుగు మిక్సీలు వెళ్తుంటాయి. మన మిక్సీ షోకేసులో కింది అరకు దిగి, పోటీ కంపెనీది కళ్లెదుటికి వస్తుంది.

ఈ స్థితిలో కంపెనీలకు తట్టే మొదటి ఆలోచన, ఎవరూ ఇంతకంటే తక్కువకు అమ్మకూడదని డీలర్లకు హుకుం జారీ చేయడం. అది ప్రమాదం. డీలర్లు ఇచ్చే డిస్కౌంట్‌ను నియంత్రించినందుకు కాంపిటీషన్ కమిషన్ 2021లో మారుతీ సుజుకీకి 200 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీ చేతిలో నిస్సందేహంగా ఉన్నది సొంత స్టోర్ ధర ఒక్కటే. కాబట్టి కట్టుబాటు అక్కడే పెట్టుకోవాలి: కూపన్లు, కార్డు ఆఫర్లు అన్నీ పోగా కస్టమర్ చివరికి కట్టే మొత్తం, డీలర్లు మామూలుగా అమ్మే 4,150కి దిగువకు పోకూడదు. చాలా కంపెనీల్లో కూపన్లు మార్కెటింగ్ వాళ్ల చేతిలో, డీలర్ స్కీములు సేల్స్ వాళ్ల చేతిలో ఉంటాయి. ఆ రెండూ ఒకే షీటులో ఎవరూ చూడకపోవడం వల్లే సగం తగాదాలు పుడతాయి.

రెండో అడుగు ఆర్డర్ల పంపకం. కస్టమర్ పిన్‌కోడ్‌లో సరుకున్న డీలర్‌కు ముందుగా ఆర్డర్ చూపించాలి, తీసుకోవడం అతని ఇష్టం. తీసుకుంటే బిల్లు, డెలివరీ, డెమో అతనివి. ఆ 500 మార్జిన్‌లో పేమెంట్ గేట్‌వే, ప్రకటనల కింద 150 కంపెనీ ఉంచుకున్నా డీలర్‌కు 350 మిగులుతుంది. నాలుగు గంటల్లో ఒప్పుకోకపోతే ఆర్డర్ కంపెనీ గోడౌన్‌కు పోవాలి. అయితే సరుకు వాపసు వస్తే నష్టం ఎవరిదో ముందే రాసుకోకపోతే ఈ ఏర్పాటు మొదటి పగిలిన జార్ దగ్గరే ఆగిపోతుంది.

ఆన్‌లైన్‌కు వేరే మోడల్ ఇస్తే చాలదా అంటారు. రంగు మార్చి కొత్త నంబరు వేస్తే చాలదు. 750 వాట్లు, మూడు జార్లు రెండింట్లోనూ ఒకటే అయితే కస్టమర్ ఫోన్ తీసి డీలర్ ముందే పోల్చి చూపిస్తాడు. అదనపు జార్ వంటి నిజమైన తేడా ఉంటేనే అది పనిచేస్తుంది.

ఇక ధర నిజంగానే తగ్గించాల్సిన రోజు వస్తుంది. అప్పుడు డీలర్ దగ్గర మిగిలిన సరుకును సీరియల్ నంబర్ల వారీగా లెక్కించి తేడా ఇవ్వాలి. ధర 200 తగ్గి, అతని దగ్గర 20 మిక్సీలు ఉంటే 4,000 రూపాయల క్రెడిట్ నోట్. అది ఆన్‌లైన్‌లో కొత్త ధర కనిపించక ముందే అందాలి. పండగ అయ్యాక ఇచ్చే క్రెడిట్ నోట్ పోయిన అమ్మకాన్ని తిరిగి తేదు. డీలర్ల సమావేశానికి హోటల్ బుక్ చేసే ముందు, ఈ వారం మీ స్టోర్లో కస్టమర్ చివరికి కడుతున్న ధరను డీలర్ నెట్ ల్యాండింగ్ పక్కన రాసి చూడండి. తగాదా ఉందో లేదో ఆ రెండు అంకెలే చెబుతాయి.