లారీ నుదుట ఊరి బొట్టు

ఫొటోలో మైలురాయి లేదు, ఊరి పేరున్న బోర్డూ లేదు. నాలుగు వరుసల తారు, డివైడర్ పొడుగునా పూసిన గన్నేరు, పైన ఎండకు వెలిసిపోయిన ఆకాశం. గన్నేరు కన్యాకుమారిలోనూ ఇలాగే పూస్తుంది, తారు శ్రీనగర్ దాకా ఇంతే నల్లగా ఉంటుంది. ఇది ఏ సీమ దారో చెప్పమంటే ఇక చెప్పగలిగినవి ఆ దారిన పోయే బళ్ళే. రండి, తొందర పడకుండా ఒక్కొక్కదాని దగ్గరా కాసేపు ఆగి చూద్దాం.

ముందు ఆ నడిమి లారీ. ఎంత నిండుగా వస్తోందో చూశారా! అద్దం పైన నుదురులా పొడుచుకొచ్చిన చెక్క పలక, దాని మీద చిలకపచ్చ నేల, పచ్చని నేల మీద పసుపు అక్షరాలు. ప్రతి అక్షరమూ పైభాగం పసుపు, కిందికి వచ్చేసరికి నారింజ. ఎడమ అంచున సన్నని నీలి నీడ పడి అక్షరం పలక మీంచి లేచి నిలబడ్డట్టు కనిపిస్తుంది. అరవంలో అమ్మవారి పేరు, చివర ‘తుణై’ అన్న మాట. నీవే దిక్కు తల్లీ అని బండి తలమీదే రాసుకుని బయల్దేరడం తమిళ లారీకి అలవాటు. ఫొటో ఎంత మసకగా ఉన్నా ఆ మాట చివర మెలికలు మెలికలుగా ముడిపడ్డ సున్నాలు అంత దూరం నుంచీ పట్టిస్తాయి. పక్కన రెండు తామరలు, రేకుల చివర గులాబీ, మొదట్లో తెలుపు. కుంచె ఒక్క విసురులో తిరిగిన చోట రంగు పల్చబడి లోపలి పచ్చ కనబడుతోంది. ఆహా, ఆ పల్చదనంలో ఉన్న చేతివాటం!

ఈ సొగసుకు పుట్టిల్లు ఉంది. పాత పద్ధతిలో లారీ అంటే కంపెనీ నుంచి వచ్చేది ఇంజను, చక్రాలు, ఇనుప ఎముకలు, అంటే ఛాసిస్ మాత్రమే. దాన్ని తెచ్చుకుని క్యాబిన్, తొట్టి, తలుపులు, రంగులు అన్నీ తనకు నచ్చిన చోట యజమాని కట్టించుకునేవాడు. తమిళుడు నామక్కల్‌కో సంగగిరికో తోలుకుపోయేవాడు, మనవాళ్ళు విజయవాడ ఆటోనగర్‌కు, పంజాబీ సర్హింద్‌కు. వడ్రంగి ఆ ఊరివాడు, పెయింటరు ఆ ఊరివాడు, కాబట్టి బండి మీద ఎక్కిన దేవుడు, పువ్వు, రంగుల పొత్తు కూడా ఆ ఊరివే. అందుకే నంబర్ ప్లేటు కనబడకపోయినా బండి పుట్టిల్లు కనబడుతుంది.

పంజాబ్ లారీ ఎదురైతే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. క్యాబిన్ మీద కిరీటం, అద్దం చుట్టూ జరీ అంచులు, బంపర్ నుంచి వేలాడే నల్లని జడకుచ్చులు గాలికి ఊగుతుంటాయి. గురుముఖి అక్షరాలు ఒక గీతకు వేలాడతాయి, పక్కన రెక్క విప్పిన డేగ. గురు గోవింద్ సింగ్ చేతి మీది బాజ్ అది. కేరళ బండి రాజసం మరో రకం. అక్కడి చెక్క క్యాబిన్‌ను గుళ్ళో వాహనంలా సింగారిస్తారు, గుండ్రని మలయాళ లిపి ఆ వంపుల్లో కలిసిపోయి రాత ఎక్కడ ముగిసిందో లత ఎక్కడ మొదలైందో తెలియదు.

కన్నడ లారీకీ తెలుగు లారీకీ మధ్య మాత్రం మంచి కన్నే తడబడుతుంది. దేవుడి పేరు, చివర ‘ప్రసన్న’ రెండు చోట్లా ఉంటాయి, లిపులు ఒకే కడుపున పుట్టినవి. అప్పుడు చూడాల్సింది తలకట్టు. మన తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి ఎగురుతుంది, కన్నడిగుల తలకట్టు అడ్డంగా సాగి చివర కొక్కెమై వంగుతుంది. మసకబారిన ఫొటోలో అక్షరం చదవలేకపోయినా వరుస మీద టిక్కులు కనిపిస్తే తెలుగు, పడుకున్న గీతలు కనిపిస్తే కన్నడం. ఇది తెలిశాక ఆ పలకల్ని చూడటమే ఒక ముచ్చట!

వెనక భాగానికి వేరే రసం ఉంది. ముందు భక్తి, వెనక వేళాకోళం. మన లారీల వెనక, ఆటోల వెనక ‘నన్ను చూసి ఏడవకురా’ అని ఓ రుసరుస. హిందీ బండి మీద ‘బురీ నజర్ వాలే తేరా ముహ్ కాలా’ అని అదే కసురు. దిష్టిబొమ్మ నాలుక చాపి కోరలు చూపిస్తుంటే, కిందే పాత చెప్పు ఒకటి తాడుకు ఊగుతుంటుంది. హారన్ కొట్టమని అడిగే తీరులోనూ యాస ఉంది. దక్షిణాదిలో ‘సౌండ్ హారన్’ ఎక్కువ, పంజాబ్ వైపు ‘బ్లో హారన్’ ఎక్కువ, ఇక ‘హారన్ ఓకే ప్లీజ్’ ఉత్తరాదిన, బొంబాయి దారిన దండిగా కనిపిస్తుంది. వట్టి పుణ్యానికి హారన్లు మోగిస్తున్నారని మహారాష్ట్ర 2015లో ఆ రాతను వద్దంది. ఈ రాతలు ఎటు వైపో చెబుతాయి తప్ప ఒట్టు పెట్టవు. పెయింటరు పక్క రాష్ట్రపు బండిని చూసి ముచ్చటపడి దించుకోవడమూ ఉంది మరి.

అసలు తికమక ఇక్కడే. ఇంత చూసి, ఈ ఫొటో తమిళనాడుదని తీర్పు చెబితే పప్పులో కాలేసినట్టే. లారీ పుట్టిల్లు చెబుతుంది కానీ ఈ పూట ఎక్కడుందో చెప్పదు. తిరుచెంగోడు బోరు బళ్ళు చూడండి. నీళ్ళు పడేదాకా ఊరూరా తిరిగేవి అవే, దేశంలో ఏ మూల బోరు వేస్తున్నా తమిళ పలకతో ఒక రిగ్గు, దాని వెనకే గొట్టాలు మోసే బండి. నామక్కల్ గ్యాస్ ట్యాంకర్లూ అంతే. నంబర్ ప్లేటు ఇంకా మాయలాడి. NL 01 అని రాసిన ట్రైలరు నాగాలాండ్ కొండ చూసి ఉండకపోవచ్చు. పర్మిట్టూ పన్నూ కలిసొస్తాయని అక్కడ రిజిస్టర్ చేయించి ఇక్కడ తిప్పుతారు. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్ళే స్లీపర్ బస్సుల మీద ఈశాన్య రాష్ట్రాల అక్షరాలు కనిపించేదీ అందుకే. నుదుటి రాత హిందీ, ప్లేటు నాగాలాండ్ అయితే నేను నుదుటి రాతనే నమ్ముతాను.

కాబట్టి దూరం పోనివాటిని వెతకాలి. ఆటో, ట్రాక్టరు, పల్లె బస్సు. ఇవి సాయంత్రానికి ఇల్లు చేరే బళ్ళు, ఇవి ఉన్న చోటే ఆ చోటు. మన ఫొటోలో ఎడమ అంచున సగం తెగిన ఆటో ఉంది, ఒళ్ళంతా పసుపు. ఇది నల్లని ఒంటికి పసుపు టోపీ పెట్టిన కేరళ ఆటో కాదు. తమిళ ఆటో కూడా పసుపే కాబట్టి ఇంతటితో తేలదు. దాని వెనక గడ్డి వేసుకున్న ట్రాక్టరు ట్రక్కు. గడ్డి ట్రక్కు హద్దులు దాటి రెండు పక్కలా పొంగి, మోకులు బిగించిన చోట నడుము సన్నబడి, వెనక నుంచి చూస్తే నడిచి పోతున్న వామి! వెనక తలుపు మీద గడ్డి అంచు కింద మూడు అక్షరాలు తొంగి చూస్తున్నాయి, మూడింటి నెత్తినా టిక్కులు. ఇంకేం కావాలి! తెలుగు నేల.

ఇంకా అనుమానం ఉంటే దూరంగా వచ్చే బస్సును పెద్దది చేసి చూడండి. రంగు ఎండలో తేలిపోయినా ప్లేటు మీది ఒక్క అక్షరం చాలు. మన ఆర్టీసీ బస్సు నంబరు ముందు Z ఉంటుంది. కర్ణాటక ప్రభుత్వ బస్సుకు F, తమిళనాడు బస్సుకు N, కేరళ ఆర్టీసీకైతే KL 15 అన్న కోడే విడిగా ఉంది. ఇక్కడ కనిపిస్తున్నది Z. దాని ముందున్న రెండక్షరాలు మరో గుట్టు విప్పుతాయి. AP అని ఉంటే ఏ రాష్ట్రమో మాత్రం తేలదు, ఎందుకంటే 2014 జూన్‌కు ముందు తెలంగాణ బస్సు మీదా AP అనే ఉండేది. TS అని ఉంటే ఆ తర్వాతది, TG అని ఉంటే 2024 మార్చి తర్వాతది. కేరళలోనైతే టూరిస్టు బస్సు రంగే పంచాంగం. ఒంటి నిండా సినిమా బొమ్మలతో, మెరుపులతో పోయే బస్సు కనబడితే ఆ ఫొటో పాతది అనుకోవచ్చు. 2022 అక్టోబరులో వడక్కంచేరి దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత టూరిస్టు బస్సులన్నిటికీ తెల్ల రంగు వేయాలని అక్కడి ప్రభుత్వం పట్టుబట్టింది. రోడ్డుకు క్షేమమేనేమో గానీ, కంటికి ఎంత చప్పదనం!

మన ఫొటోలో ఒక్క బండి మిగిలింది. తమిళ లారీ వెనకే పట్టా బిగించి కట్టిన లారీ, తొట్టి కింది నుంచి సన్నని నీటి ధార, తారు మీద తడి చార. ఎండలో తడి చార అంటే మంచు పెట్టిన సరుకు. ఆకివీడు, కైకలూరు చెరువుల చేప హౌరాకూ గువాహటికీ ఇలాగే కన్నీరు కార్చుకుంటూ వెళుతుంది. గడ్డి ట్రక్కు తెలుగు నేల అంది, తడి చార కోస్తా అంది. జిల్లా పేరు చెప్పమంటే నేను ఇక్కడే ఆగుతాను. చేపల లారీ ఒడిశా సరిహద్దు దాకా అదే చార గీసుకుంటూ పోతుంది కాబట్టి చెరువు ఎంత దూరంలో ఉందో ఆ తడి చెప్పదు.

ఈ చదువు ఇక ముందు కష్టమవుతోంది. కట్టుడు క్యాబిన్లు పోయి కంపెనీ క్యాబిన్లు వచ్చాయి. 2025లో కొత్త లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి అయ్యాక ఊళ్ళో చెక్కతో కట్టించుకునే దారి ఇంకా ఇరుకైంది. కుంచె చోట రేడియం స్టిక్కరు కూర్చుంది, ముఖాలన్నీ ఒకే తెలుపు. అయినా నేను నిరాశపడను, ఎందుకంటే తొట్టి ఇంకా ఊళ్ళోనే కడుతున్నారు. ఫొటోలో కొత్త బండి కనబడితే ముఖం వదిలేసి వెనక తలుపు కింది మూలకు వెళ్ళండి. డీజిల్ ట్యాంకు, మడ్డు ఫ్లాపు, చివరి పలక, ఈ మూడూ చూడండి. బాడీ కట్టిన షెడ్డు పేరు, ఊరి పేరు, పెయింటరు సంతకం అక్కడెక్కడో చిన్నగా రాసి ఉంటాయి. నామక్కలో, విజయవాడో, సర్హిందో!