పౌరసభా ప్రసంగంలో త్రయం, ప్రశ్న, సమాంతర వాక్యం: ఒక పరిశీలన

పౌరసభలో అలంకారం నాటకీయంగా వినిపించడానికి కారణం అలంకారమేనని సాధారణంగా భావిస్తారు. తెలంగాణ ఉద్యమ నినాదమైన ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ను పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు. మూడు పదాలూ నకారంతోనే ఆరంభమవుతాయి. అక్షరాలు వరుసగా రెండు, మూడు, అయిదు. మాత్రల లెక్కన మూడు, మూడు, ఏడు. చివరి పదం దీర్ఘం కావడంతో త్రయం దానిపై విశ్రాంతి పొందుతుంది. ఇంతటి శబ్దాలంకారం ఉన్నప్పటికీ అది వేషంగా వినిపించలేదు. ప్రతి పదం వెనుకా విడిగా విచారించదగిన ఫిర్యాదు ఉండడమే దీనికి కారణం. ‘నియామకాలు’ అన్నప్పుడు శ్రోతకు 1985 నాటి 610 జీవో గుర్తుకొస్తుంది. ఒక్క పదాన్ని తొలగించినా ఒక ఫిర్యాదు లోపిస్తుంది. 2014లో రాష్ట్రం ఏర్పడిన తర్వాత నిరుద్యోగులు ఆ మూడవ పదంతోనే పాలకులను నిలదీయగలిగారు. సంఖ్యాపూర్తి కోసం చేర్చిన పదానికి ఈ శక్తి ఉండదు.

సమాంతర వాక్యానికి తెలుగులో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. క్రియ వాక్యాంతంలో వస్తుంది కనుక, వాక్యాలు పేర్చగానే అంత్యప్రాస దానంతటదే ఏర్పడుతుంది. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ ప్రాంతాలతో 2019లో నగరపాలక సంస్థ ఏర్పడింది. అక్కడి ఒక కాలనీ సభలో ఎవరైనా ఇలా మాట్లాడారని ఊహించవచ్చు: ‘పైపులు వేయిస్తాం, కాల్వలు తవ్విస్తాం, చెరువును రక్షిస్తాం.’ మూడు ‘ఇస్తాం’లు కలిసి పద్యపు నడకను తెస్తాయి. శ్రోత చెవి ప్రాసను పట్టుకొని, అర్థాన్ని వదిలేస్తుంది. అదే విషయాన్ని ‘మంచినీటి పైపు వచ్చే తేదీ, మురుగుకాల్వ కలిసే చోటు, వాననీరు పోయే దారి, ఈ మూడూ ఈ సభకు తెలియాలి’ అన్నప్పుడు సమాంతరత నామపదాల్లో ఉండి, క్రియ ఒక్కసారే వస్తుంది. ప్రాస తగ్గి, పని స్పష్టమవుతుంది.

జవాబు కోరని ప్రశ్నకు ఆధారం కాకువు, అంటే అర్థాన్ని మార్చే కంఠస్వరం. ఇక్కడ పరీక్ష సులభం: ప్రశ్నను నిశ్చయవాక్యంగా మార్చి చూడాలి. ‘మనం మనుషులం కాదా?’ అన్నది ‘మనం మనుషులం’ అవుతుంది. సభకు కొత్తగా తెలిసేది లేదు, చప్పట్లు మాత్రమే మిగులుతాయి. ‘నిరుడు వానకు ఈ వీధి మునగలేదా?’ అన్నది ‘ఈ వీధి మునిగింది’ అవుతుంది. ఆ నీటిలో నడిచిన శ్రోతే సాక్షి. అయితే ఆ వీధి మునిగిన సంగతి ఎరుగని అధికారి ముందు ఇదే ప్రశ్న పనిచేయదు. అక్కడ నిశ్చయవాక్యమే తగినది. అలాంటి ప్రశ్నలు వరుసగా మూడు వేస్తే, మొదటిదానికి శ్రోత తన మనసులో జవాబు చెప్పుకొనే వ్యవధి కూడా ఉండదు.

కాబట్టి నాటకీయత అలంకారంలో లేదు. శ్రోత సరిచూడగల విషయం ఆగిపోయిన తర్వాత కూడా శబ్దం కొనసాగడంలో ఉంది.